'మీకేం కాదమ్మా' అన్నాక...

బాధలో ఉన్నవాళ్లకు ధైర్యం చెప్పడం మన అలవాటు. మరి ఆ ధైర్యం విన్న మనిషి గోడవైపు తిరిగి ఎందుకు పడుకుంటుంది? మానసిక చికిత్స వార్డుల్లో నర్సింగ్ విద్యార్థులు రాసే ఓ అసైన్‌మెంట్ ఈ ప్రశ్నకు మాట మాటనూ విప్పి మరీ జవాబు వెతుకుతుంది.

ఇంజెక్షన్ చేయడం వచ్చో రాదో పక్కన నిలబడి చూస్తే తెలిసిపోతుంది. బీపీ చూడటం, డ్రెస్సింగ్ చేయడం కూడా అంతే. కానీ, పేషెంటుతో మాట్లాడటం వచ్చో రాదో ఎలా తెలుస్తుంది? టీచరు పక్కన నిలబడితే పేషెంటు నోరు విప్పరు. నిలబడకపోతే ఏం మాట్లాడుకున్నారో తెలియదు. అందుకే బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాదిలో మానసిక ఆరోగ్య నర్సింగ్ చదివే పిల్లలతో ఒక పని చేయిస్తారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల... ఇలాంటి చోట్ల పోస్టింగ్ పడగానే రికార్డు పుస్తకంలో తప్పకుండా ఉండాల్సిన అసైన్‌మెంట్ అది. పేరు 'ప్రాసెస్ రికార్డింగ్'. పేరులో రికార్డింగ్ ఉన్నా టేపురికార్డరుతో పని లేదు. జ్ఞాపకంతోనే పని.

నాలుగు గడులు

విద్యార్థిని ఓ పేషెంటు దగ్గర ఇరవై నిమిషాలో అరగంటో కూర్చుని మాట్లాడుతుంది. ఎదుటే పుస్తకం తెరిచి రాసుకోకూడదు. రాస్తే అది పోలీసు విచారణలా ఉంటుంది. లేచి వచ్చిన వెంటనే, మరిచిపోకముందే, ఓ మూల కూర్చుని జరిగింది జరిగినట్టు రాయాలి. కాగితం మీద నాలుగు గడులు గీస్తారు. మొదటి గడిలో పేషెంటు అన్న మాట, అన్నప్పటి ముఖం, చేతులు, చూపు. రెండో గడిలో తాను అన్న మాట. మూడో గడిలో ఆ క్షణాన తన మనసులో ఏమనిపించిందో. నాలుగో గడిలో ఆ మాటను ఏ రకం అంటారు, అది పనిచేసిందా లేదా అన్న విశ్లేషణ. పేషెంటు పేరు ఎక్కడా రాయకూడదు. పొడి అక్షరాలు చాలు.

సోషల్ వర్క్ శిక్షణలో ముందునుంచీ ఉన్న పద్ధతే ఇది. దీన్ని మానసిక నర్సింగ్‌లో స్థిరపరిచిన వారిలో ముఖ్యురాలు అమెరికా నర్సు హిల్డెగార్డ్ పెప్లావ్. నర్సుకీ పేషెంటుకీ మధ్య ఏర్పడే సంబంధమే చికిత్సలో ఒక భాగమన్నది ఆమె వాదన. ఆ మాట చెప్పే పుస్తకం 1948 నాటికే సిద్ధమైంది. డాక్టరు పేరు తోడు లేకుండా నర్సు ఒక్కతే పుస్తకం వేయడమేమిటని అప్పట్లో సందేహించారు. చివరికి అది అచ్చయ్యేసరికి 1952 వచ్చింది.

పద్ధతి సంగతి సరే. అది ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఒక సంభాషణను చేతిలోకి తీసుకోవాలి. ఇక్కడ ఇస్తున్నది ఏ ఒక్కరి కథా కాదు. రికార్డు పుస్తకాల్లో కనిపించే తరహాలో కూర్చిన నమూనా. పేషెంటుకు నలభై అయిదేళ్లు. పల్లెటూరి గృహిణి. తీవ్రమైన డిప్రెషన్‌తో వార్డులో చేరి నాలుగు రోజులైంది. భర్త తోడుగా ఉన్నాడు. విద్యార్థినికి ఇరవై ఏళ్లు.

మొదటి రోజు

విద్యార్థిని: నమస్తే అమ్మా, ఎలా ఉన్నారు?

పేషెంటు: (తల వంచుకుని) ఉన్నాను.

విద్యార్థిని: టిఫిన్ తిన్నారా?

పేషెంటు: (జవాబు లేదు. కొంగు వేలికి చుట్టుకుంటోంది.)

విద్యార్థిని: ఎందుకు తినలేదు? తినకపోతే నీరసం వస్తుంది కదా!

పేషెంటు: తిని ఏం చెయ్యాలి సిస్టరమ్మా... నేనుండి ఎవరికి ఉపయోగం?

విద్యార్థిని: అయ్యో, అలా అనకూడదు. బంగారంలాంటి పిల్లలున్నారు మీకు. మీకేం కాదమ్మా, తొందర్లోనే తగ్గిపోతుంది.

పేషెంటు: (ఒక్కసారి తలెత్తి చూసి) ఊఁ.

విద్యార్థిని: మీ అమ్మాయి ఏం చదువుతోంది?

పేషెంటు: డిగ్రీ. (గోడవైపు తిరిగి పడుకుంది.)

మొత్తం కలిపి మూడు నాలుగు నిమిషాలు. చదివితే తప్పేం కనిపించదు. ఆ అమ్మాయి మర్యాదగా మాట్లాడింది, పలకరించింది, ధైర్యం చెప్పింది. మన ఇళ్లలో ఎవరికైనా బాగోకపోతే మనం చేసేదీ ఇదే. అందుకే చాలామంది విద్యార్థులు నాలుగో గడిలో 'ధైర్యం చెప్పాను - పేషెంటుకు ఊరట' అని రాసేస్తారు. సరిగ్గా అక్కడే టీచరు ఎర్ర సిరా పడుతుంది. 'ఊరట కలిగితే గోడవైపు ఎందుకు తిరిగింది?'

తలుపు ఎక్కడ మూసుకుంది?

ఇప్పుడు ఒక్కో మాటనూ వెనక్కి వెళ్లి చూద్దాం.

మొదటిది, 'ఎందుకు తినలేదు?' వినడానికి ప్రశ్నలా ఉన్నా అవతలివాళ్లకు అది సంజాయిషీ అడిగినట్టే వినిపిస్తుంది. బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాణ్ని 'ఎందుకు లేటయింది?' అనడం లాంటిదే. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ఆకలి ఎందుకు లేదో తనకే తెలియదు. తెలియనిదానికి కారణం చెప్పమంటే తప్పు చేసినట్టు అనిపిస్తుంది. అందుకే మానసిక నర్సింగ్‌లో 'ఎందుకు' అన్న మాటను వీలైనంత పక్కన పెట్టమంటారు. 'పొద్దున్న తినబుద్ధి కాలేదా?' అంటే అడగాల్సింది అడిగినట్టే, నిలదీసినట్టూ ఉండదు.

అయినా ఆ ప్రశ్న తర్వాతే ఆమె అసలు మాట అన్నది. 'నేనుండి ఎవరికి ఉపయోగం?' సంభాషణ మొత్తంలో అతి ముఖ్యమైన వాక్యం ఇది. ఆమె తలుపు కొద్దిగా తెరిచింది. జవాబుగా వచ్చినవి రెండు. ఒకటి, 'అలా అనకూడదు'. అంటే... నువ్వు అనుకుంటున్నది తప్పు, నా ముందు అనకు అని. రెండోది, 'మీకేం కాదు, తగ్గిపోతుంది'. నర్సింగ్ పుస్తకాల్లో దీన్ని 'ఫాల్స్ రీఅష్యూరెన్స్' అంటారు. ఆధారం లేని భరోసా అన్నమాట. ఎప్పుడు తగ్గుతుందో ఆ విద్యార్థినికి తెలియదు. ఆమెకు తెలియదన్న సంగతి పేషెంటుకు తెలుసు. తలెత్తి చూసిన ఆ ఒక్క చూపు బహుశా అదే చెబుతోంది.

ఇక 'బంగారంలాంటి పిల్లలున్నారు' అన్న మాట. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇది బలం. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు చాలాసార్లు ఇదే బరువు. ఆ జబ్బు లక్షణాల్లో ఒకటి అకారణంగా, అతిగా తనను తాను తప్పుపట్టుకోవడం. 'ఇంత మంచి పిల్లలకు ఇలాంటి తల్లినయ్యానే' అని ఆ మాటను కూడా తన మీదే వేసుకుంటుంది. ఓదార్పు అనుకుని ఇచ్చింది అపరాధ భావంగా మారిపోతుంది.

చివరిది, 'మీ అమ్మాయి ఏం చదువుతోంది?' మాట బరువెక్కిందని తేలికైన విషయంలోకి మళ్లించడం. ఇక్కడే మూడో గడి ఉపయోగం తెలుస్తుంది. ఆ క్షణాన ఏమనిపించిందో నిజాయితీగా రాస్తే 'భయమేసింది. ఇంకేం అంటుందో, నేనేం చెప్పాలో తెలియలేదు' అని వస్తుంది. అంటే మాట మార్చింది పేషెంటు కోసం కాదు, తన భయం తగ్గించుకోవడం కోసం. ధైర్యం చెప్పిందీ అందుకే. ఈ సంగతి పేషెంటు ముఖం చూస్తే తెలిసేది కాదు. తన మాటను తానే కాగితం మీద చూసుకుంటే తప్ప.

రెండో రోజు

టీచరుతో కూర్చుని చర్చించాక, పక్క గడిలో 'ఇలా అని ఉండాల్సింది' అని మరో జవాబు రాయిస్తారు. మర్నాడు అదే పేషెంటు దగ్గరికి పంపిస్తారు. ఈసారి విద్యార్థిని కుర్చీని ఎదురుగా వేయకుండా, మంచం పక్కన కాస్త ఏటవాలుగా వేసుకుంది. ఎదురెదురుగా కూర్చుంటే చూపు తప్పించుకోవడానికి పేషెంటుకు దారి ఉండదు.

విద్యార్థిని: అమ్మా, నిన్న వచ్చిన స్టూడెంట్ నర్సును. పదిన్నర దాకా మీ దగ్గరే కూర్చుంటాను. మాట్లాడాలనిపిస్తే మాట్లాడుకుందాం. లేకపోయినా ఫర్వాలేదు.

పేషెంటు: (దాదాపు రెండు నిమిషాలు ఏమీ అనలేదు.) నా దగ్గర టైము ఎందుకు పాడు చేసుకుంటావమ్మా!

విద్యార్థిని: మీ దగ్గర కూర్చుంటే టైము పాడవుతుందనిపిస్తోందా?

పేషెంటు: కాదా మరి! ఇంట్లోనూ ఇంతే. నా చాకిరీతోనే సరిపోతోంది వాళ్లకి.

విద్యార్థిని: వాళ్లకి భారమయ్యానని అనిపిస్తోంది మీకు.

పేషెంటు: (కళ్లనిండా నీళ్లు) ఆయన పొలం వదిలేసి ఇక్కడ కూర్చున్నాడు. పిల్ల కాలేజీ మానేసి వంట చేస్తోంది. నేను లేకపోతే ఒక్క ఏడుపుతో పోతుంది వాళ్లకి.

విద్యార్థిని: 'నేను లేకపోతే' అన్నారు. అదేమిటో ఇంకాస్త చెబుతారా?

పేషెంటు: (గొంతు తగ్గించి) ఒక మాట చెప్తా. ఎవరికీ చెప్పనని ఒట్టేస్తావా?

విద్యార్థిని: ఆ ఒట్టు వేయలేనమ్మా. మీ ప్రాణానికి సంబంధించిందైతే డాక్టరుగారికీ సిస్టరుగారికీ చెప్పాలి. వాళ్లకి తప్ప ఇంకెవరికీ చెప్పను. మీరు చెబితే వింటాను.

పేషెంటు: (చాలాసేపు మౌనం. కానీ మొహం తిప్పుకోలేదు.)

విద్యార్థిని: చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అమ్మా?

పేషెంటు: (తలూపింది.) తెల్లారుజామున. రోజూ.

విద్యార్థిని: ఇంత కష్టమైన మాట చెప్పారు నాకు. ఏమైనా చేసుకోవాలని కూడా అనుకున్నారా?

పేషెంటు: అనుకున్నా...

విద్యార్థిని: మన ఇన్‌ఛార్జి సిస్టరును ఇక్కడికే పిలిపిస్తాను. ఆవిడ వచ్చేదాకా మీ పక్కనే ఉంటాను.

ఈసారి ఏం మారింది?

విద్యార్థిని మాటలు చూడండి. ఒక్కటీ గొప్ప మాట కాదు. మొట్టమొదట ఎంతసేపు ఉంటుందో చెప్పింది. తర్వాత రెండు నిమిషాలు నోరు కట్టుకుని కూర్చుంది. రాసుకోవడానికి 'మౌనం' అన్న ఒక్క ముక్కే కానీ, ఇరవై ఏళ్ల అమ్మాయికి ఆ రెండు నిమిషాలు రెండు గంటలు. డిప్రెషన్‌లో ఆలోచన, మాట నెమ్మదిస్తాయి. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఆ ఎడంలో మనం ఇంకో ప్రశ్న వేస్తే, మొదటి జవాబు లోపలే ఆగిపోతుంది. నిన్న టిఫిన్ గురించి జరిగింది అదే.

తర్వాత ఆమె మాటనే ఆమెకు తిరిగి అప్పజెప్పింది. పుస్తకాల భాషలో మాటను తిప్పి చెబితే 'రీస్టేటింగ్', మాట వెనకున్న బాధను పట్టి చెబితే 'రిఫ్లెక్షన్'. 'వాళ్లకి భారమయ్యానని అనిపిస్తోంది మీకు' అన్నది రెండోది. గమనించారా? 'మీరు భారమే' అని ఒప్పుకోలేదు, 'కాదు' అని ఖండించనూ లేదు. అలా అనిపిస్తోందన్న సంగతిని మాత్రం ఒప్పుకుంది. వెంటనే అసలు గాయం బయటపడింది, కూతురు కాలేజీ మానేసిందని. నిన్న మాట మార్చడానికి వేసిన 'అమ్మాయి ఏం చదువుతోంది?' అన్న ప్రశ్న సరిగ్గా పుండు మీద పడిందన్న సంగతి ఇప్పుడు కదా తెలిసింది!

ఒట్టు వేయకపోవడం ఈ సంభాషణలో అన్నిటికంటే కష్టమైన మెట్టు. 'సరే, ఎవరికీ చెప్పను' అనేస్తే నమ్మకం వస్తుందనిపిస్తుంది. కానీ, విన్నాక చెప్పక తప్పదు. చెబితే మాట తప్పినట్టు. చెప్పకపోతే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే వినకముందే హద్దు చెప్పాలి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పేషెంటు వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. చికిత్స చేసేవాళ్లకు అవసరమైనవి చెప్పడానికీ, ప్రాణహాని ఉన్నప్పుడు దాన్ని ఆపడానికీ మాత్రం వీలిస్తుంది. విద్యార్థిని చెప్పింది ఆ హద్దునే, పేషెంటుకు అర్థమయ్యే మాటల్లో.

ఇక ఆ సూటి ప్రశ్న. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయం. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అప్పటికే ఆ ఆలోచనతో ఒంటరిగా పోరాడుతున్న మనిషికి, ఒకరు పేరు పెట్టి అడగడం దారి దొరికినట్టే ఉంటుంది. 'అలాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?' అని అడిగితే మాత్రం 'లేవు' అన్న జవాబే వస్తుంది. ప్రశ్నలోనే జవాబు ఇచ్చేశాం కాబట్టి.

వచ్చిన జవాబులో వార్డుకు పనికొచ్చే సంగతి ఒకటుంది. తెల్లవారుజామున. తీవ్రమైన డిప్రెషన్‌లో చాలామందికి చీకటితోనే మెలకువ వచ్చేస్తుంది, ఆ వేళే మనసు అన్నిటికంటే బరువుగా ఉంటుంది. నైట్ డ్యూటీ ముగింపుకొచ్చి, వార్డు నిద్రలో ఉండే సమయం కూడా అదే. ఇన్‌ఛార్జి సిస్టరుకు ఈ మాట చేరితే ఏం చేయాలో స్పష్టంగా తెలుస్తుంది. డాక్టరుకు కబురు పెడతారు. మంచాన్ని నర్సుల బల్లకు దగ్గరగా మారుస్తారు. ఆ వేళలో ఆమె మీద కన్నేసి ఉంచుతారు. ఇచ్చిన మాత్రలు మింగిందో లేదో చూస్తారు. మందులు పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మనసు బరువు దిగకముందే ఒంట్లో ఓపిక రావడమూ కద్దు. అందుకని లేచి తిరుగుతోంది కదా అని తొలి వారాల్లో కాపలా సడలించరు.

నిన్నటి 'మీకేం కాదమ్మా'తో ఈ సంగతులేవీ బయటికొచ్చేవి కావు.

చిలకపలుకులు పనికిరావు

ఇదంతా చదివి, ఏం అన్నా తిప్పి చెబితే చాలనుకుంటే పొరపాటు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు చేసే పని అదే. 'నిద్ర పట్టట్లేదు' అంటే 'నిద్ర పట్టట్లేదంటున్నారు', 'తలనొప్పి' అంటే 'తలనొప్పి అంటున్నారు'. మూడోసారికి పేషెంటుకు విసుగొస్తుంది. మాటను కాదు, మాటలోని బాధను పట్టుకోవాలి. అది అన్నిసార్లూ అవసరం లేదు. తలనొప్పి అంటే ఎప్పటినుంచి అని అడగడమే సరైన జవాబు.

పేషెంటును బట్టి కూడా పద్ధతి మారుతుంది. డిప్రెషన్‌లో పనికొచ్చిన ఆ రెండు నిమిషాల మౌనం, ఎవరో తన మీద కుట్ర పన్నుతున్నారని భయపడే మనిషికి అనుమానం పెంచవచ్చు. చెవిలో గొంతులు వినిపిస్తున్నాయనే పేషెంటుతో 'ఎవరూ లేరు, అంతా మీ భ్రమ' అని వాదిస్తే ప్రయోజనం ఉండదు. 'అవును, నాకూ వినిపిస్తోంది' అనడం ఇంకా తప్పు. 'మీకు వినిపిస్తోందని అర్థమవుతోంది. నాకైతే ఏమీ వినిపించట్లేదు. అవి వినిపిస్తుంటే మీకు భయంగా ఉందా?' అనాలి. నిజం చెప్పినట్టూ ఉంటుంది, అతని బాధను కాదన్నట్టూ ఉండదు.

అసైన్‌మెంటుకూ ఒక బలహీనత ఉంది. జ్ఞాపకం ఎప్పుడూ మనల్ని కాస్త అందంగానే చూపిస్తుంది. మార్కులు తోడైతే చెప్పనక్కర్లేదు. అన్నది కాకుండా అనాల్సింది రాసేస్తారు. చదివే టీచరుకు అది ఇట్టే తెలిసిపోతుంది. అలాంటి రికార్డులో పేషెంటు పూర్తి వాక్యాల్లో, పాఠ్యపుస్తకం భాషలో మాట్లాడుతుంది. ఎక్కడా తడబాటు ఉండదు. మొదటి గడిలో కొంగు వేలికి చుట్టుకోవడాలు, చూపు తిప్పుకోవడాలు ఉండవు. మూడో గడిలో ప్రతిసారీ 'జాలి కలిగింది' అనే ఉంటుంది, భయం, విసుగు, చిరాకు ఒక్కసారీ కనిపించవు. తప్పుల్లేని ప్రాసెస్ రికార్డింగ్‌ను టీచర్లు నమ్మరు. తన జవాబు కింద 'ఇది పనిచేయలేదు' అని విద్యార్థినే రాసుకున్న పేజీకి విలువెక్కువ.

పోస్టింగ్ కొద్ది వారాలే. అందుకే ఇంకో నియమం ఉంది. వెళ్లిపోయే రోజు హఠాత్తుగా మాయమైపోకూడదు. 'ఇంకో మూడు రోజులే ఇక్కడ ఉంటాను' అని ముందునుంచీ చెబుతూ రావాలి. తన దగ్గర కూర్చోవడం టైము పాడు చేసుకోవడమే అనుకునే మనిషికి, చెప్పకుండా వెళ్లిపోయిన నర్సు ఆ మాట నిజమేనని నిరూపించి వెళ్లినట్టవుతుంది. చివరి రోజు సంభాషణనూ నాలుగు గడుల్లో రాస్తారు. అందులో ఫోన్ నంబరు ఇస్తానన్న మాట, మళ్లీ తప్పకుండా వస్తానన్న మాట ఉంటే, వాటి కిందా ఎర్ర సిరా పడుతుంది. ఆధారం లేని భరోసాలే కదా అవీ!

ఇంట్లో ఎవరైనా ఇలా అంటే...

'నేనుండి ఎవరికి ఉపయోగం' అన్న మాట ఆసుపత్రిలోనే కాదు, ఇంట్లోనూ వినిపించవచ్చు. అప్పుడు తిట్టొద్దు, వెంటనే ధైర్యమూ చెప్పొద్దు. పక్కన కూర్చుని 'అలా ఎందుకు అంటావ్' అనే బదులు 'అంత బరువుగా ఉందా?' అనండి. జవాబు వచ్చేదాకా ఆగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అవునంటే ఒంటరిగా వదలకండి, రహస్యంగా ఉంచుతానని మాటివ్వకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.